యాభై నాలుగేళ్ల మోకాలికి వారానికి ఏడున్నర కిలోలు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, బరువు 78 కిలోలు. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. పాతికేళ్ల వయసులో బాగా బరువులు ఎత్తేవాడిని. ఇరవై ఏళ్ల విరామం తరవాత ఈ జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాను. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఐదున్నరకు జిమ్‌కు వెళ్తాను. స్క్వాట్ ఐదు సెట్లు, సెట్‌కు ఐదు చొప్పున, ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచుతూ 40 నుంచి 90 దాకా వచ్చాను. ఇప్పుడు ఎడమ మోకాలి చిప్ప కింద ఒకేచోట నొప్పి, మెట్లు దిగుతుంటే ఎక్కువ. బెంచ్ ప్రెస్‌లో కుడి భుజం కూడా ముందువైపు పట్టేస్తోంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు ‘అరుగుదల మొదలైంది, బరువులు మానేయండి’ అన్నారు. నెల రోజులు ఆపితే తగ్గింది, మళ్లీ ఎత్తగానే వచ్చింది. బీపీకి మాత్ర వాడుతున్నాను. జనవరికి 55 నిండుతాయి. అప్పటికి ఒక్కసారైనా వంద కిలోల స్క్వాట్ చేయాలని ఆశ. మానేయాలా, కొనసాగించాలా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

మాస్టారూ, మానేయనక్కర్లేదు. కానీ జనవరి సంగతి మరచిపోండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ప్రతిసారీ రెండున్నర అంటే వారానికి ఏడున్నర కిలోలు. 40 నుంచి 90కి చేరడానికి మీకు పట్టింది ఏడు వారాలు. ఇరవై ఏళ్ల విరామం తరవాత అంత వేగం ఎలా వచ్చిందని మీరు మురిసిపోయే ఉంటారు. అది అబద్ధపు వేగం కాదు. ఒకప్పుడు బరువులెత్తిన కండ ఆ పని పూర్తిగా మరచిపోదు. నరాలు కొద్ది వారాల్లో పాత దారి పట్టుకుంటాయి, కండ కూడా కొత్తవాడి కండకన్నా తొందరగా తిరిగి వస్తుంది. వెనకబడిపోయింది టెండన్. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు అది. దానికి రక్తప్రసారం తక్కువ, మార్పు నెమ్మది. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్లను డెన్మార్క్ పరిశోధకులు మనుషుల మడమ టెండన్‌లో వెతికారు. దాని నడిభాగం పదిహేడేళ్ల ప్రాయం తరవాత దాదాపు కొత్తగా తయారవదని 2013లో తేల్చారు. అంటే ఈ రోజు మీరు మోస్తున్న బరువు పడేది ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో తయారైన తాడు మీదే. అలాగని అది గట్టిపడదని కాదు. బరువుకు తగ్గట్టు బిగుస్తుంది, కానీ కండ వారాల్లో చేసే పనికి దానికి నెలలు కావాలి. ఏడు వారాల్లో కండ 90 కిలోల దగ్గరికి వచ్చేసింది, తాడు ఇంకా 60 దగ్గరే ఉంది.

మీ నొప్పి టెండన్‌ది అని ఉత్తరం చూసి ఎలా అంటున్నానంటే, చిప్ప కింద ఒకేచోట అని రాశారు కాబట్టి. కింద చెప్పినవి కూడా సరిచూసుకోండి. నొప్పి చోటును ఒక్క వేలితో చూపించగలగాలి. వ్యాయామం మొదట్లో పోటు ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున్నే మళ్లీ పలకరించాలి. ఈ రెండూ ఉంటే చాలావరకు చిప్ప కిందనున్న టెండనే. అలా కాక మోకాలంతా నొప్పి, వాపు, కీలు లోపలివైపు పక్కన నొక్కితే నొప్పి, కూర్చుని లేచాక కాసేపు బిగుసుకుపోవడం ఉంటే అది కీలు సంగతి. మోకాలు హఠాత్తుగా ఇరుక్కుపోయినా, నడుస్తుండగా లొంగిపోయినా, టప్ అని శబ్దం వచ్చి కాలు చాచలేకపోయినా నా మాటలు పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక అరుగుదల. మన దగ్గర ‘గుజ్జు అరిగింది’ అనగానే మనిషి సగం ప్రాణం పోయినట్టు కూర్చుంటాడు. టైరు అరిగినట్టు మోకాలు అరుగుతుందని, ఎంత తిరిగితే అంత తరుగుతుందని మనసులో ఒక బొమ్మ. కానీ ఆ గుజ్జుకు, అంటే మృదులాస్థికి, సొంత రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి ఆహారం అందాలి. బరువు పడినప్పుడు ద్రవం బయటికి పిండుకుంటుంది, తీసినప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. స్పాంజి పనితీరు గుర్తుచేసుకోండి. పూర్తిగా ఆపేస్తే అదీ ఆగుతుంది. పైగా ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ లెక్క సరిగ్గా కుదరదు. యాభై దాటినవాళ్లలో నొప్పి లేకుండానే ఫిల్ములో అరుగుదల కనబడేవాళ్లు బోలెడంత మంది. మోకాలి ఆర్థరైటిస్‌కు డాక్టర్ల మార్గదర్శకాల్లోనే తొడ కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం మొదటి వరసలో ఉంటుంది. మీ డాక్టరు గారి మాట తీసిపారేయమనడం లేదు. ‘90 కిలోల స్క్వాట్ మానేయాలా, లేక కాలి వ్యాయామం మొత్తం మానేయాలా’ అని విడిగా అడగండి. చాలాసార్లు రెండో ప్రశ్నకు వేరే జవాబు వస్తుంది.

నెల విశ్రాంతి తీసుకున్నప్పుడు తగ్గింది అన్నారు. ఆ వల నాకు బాగా తెలుసు. 52 ఏళ్ల వయసులో ఇదే మోకాలికి ఇదే చోట నాకూ వచ్చింది. రెండు నెలలు ఆపాను, హాయిగా ఉంది. తిరిగి పాత బరువుకే వెళ్లాను, రెండో వారంలో మళ్లీ మొదలు. ఇంకో రెండు నెలలు ఆపాను. ఏడాది ఇలా గడిచాక తెలిసింది, ఆపిన ప్రతిసారీ తాడు ఇంకాస్త బలహీనపడిందని, నేను మాత్రం పాత బరువే దానికి తగిలిస్తున్నానని. విశ్రాంతితో పోయేది నొప్పి మాత్రమే. టెండన్ మోయగల శక్తి పెరగాలంటే దానికి బరువు ఇవ్వాలి, నెమ్మదిగా ఇవ్వాలి.

నెమ్మదిగా అంటే రెండు అర్థాలు: పెంచడం నెమ్మది, కదలిక కూడా నెమ్మది. ఇదే చిప్ప కింది టెండన్ నొప్పికి డెన్మార్క్‌లో 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక బృందానికి స్టెరాయిడ్ ఇంజక్షన్, ఇంకో బృందానికి వంపుగా ఉన్న పలక మీద ఒంటికాలి స్క్వాట్లు, మూడో బృందానికి బరువైన నిదానపు స్క్వాట్లు. ఇంజక్షన్ తీసుకున్నవాళ్లకు పన్నెండు వారాలకు బాగుంది, ఆరు నెలలకు మంచి తరిగిపోయింది. నిదానపు బరువులు ఎత్తినవాళ్లకు నిలిచింది. అయితే వాళ్లు మన వయసువాళ్లు కారు, వారానికి మూడుసార్లు చేశారు. మీకు మూడు వద్దు, రెండు చాలు. బుధవారాన్ని కాళ్ల నుంచి పూర్తిగా తప్పించండి.

ఇప్పుడు మీ పన్నెండు వారాలు. సోమవారం, శుక్రవారం స్క్వాట్ నాలుగు సెట్లు. ప్రతి రెప్‌లో, అంటే ఒక్కోసారి దిగి లేచేటప్పుడు, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, మూడు లెక్కపెడుతూ లేవాలి, కింద ఎగిరిపడకూడదు. మొదటి వారం 45 కిలోలతో పదిహేనేసి. రెండు, మూడు వారాల్లో 52.5తో పన్నెండేసి. నాలుగు, ఐదులో 60తో పదేసి. ఆరు నుంచి ఎనిమిది దాకా 67.5తో ఎనిమిదేసి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా 75తో ఆరేసి. ఈ కిలోలు మీ 90ని బట్టి నేను వేసిన అంచనా. శుక్రవారం ఇందులో పదోవంతు తగ్గించి చేయండి. నాలుగో వారం, ఎనిమిదో వారం బరువు అదే ఉంచి నాలుగు సెట్లకు బదులు రెండే చేసి ఇంటికి వెళ్లిపోండి. ఆ వారం జిమ్‌లో మీకు చిన్నతనంగా ఉంటుంది. పక్క కుర్రవాడు చూస్తాడు కూడా. చూడనివ్వండి.

45 కిలోలంటే మీకు నవ్వు రావచ్చు. పదిహేను రెప్‌లు ఆరేసి సెకండ్ల చొప్పున చేస్తే ఒక సెట్ తొంభై సెకండ్లు. మూడో సెట్‌లో పదో రెప్ దాటేసరికి తొడలు వణుకుతాయి. ఎక్కడ ఆపాలో తెలియడానికి నిదానపు లెక్కే కొలత. మూడు అంకెల్లో లేవాల్సింది ఐదు పడుతుంటే, లేదా పైకి రావడానికి నడుము ముందుకు తోస్తుంటే, ఆ రెప్‌తో సరి. ‘ఇంకో రెండు చేయగలను’ అనిపించే దగ్గరే బార్‌ను స్టాండు మీద పెట్టేయడం యాభై దాటినవాడు నేర్చుకోవాల్సిన పని. చివరి రెండు రెప్‌లు కండకు ఇచ్చే లాభం కొంచెమే, కీళ్ల దగ్గర వసూలు చేసేది చాలా. లోతు సంగతి: వెనకాల ఒక పెట్టె గానీ బల్ల గానీ వేసి దాన్ని తాకి లేవండి. నొప్పి లేని ఎత్తు వచ్చేలా దాని కింద బరువు ప్లేట్లు పేర్చి మొదలుపెట్టి, రెండు వారాలకోసారి ఒక ప్లేటు తీసేస్తూ కిందికి రండి.

మీ అసలు కొలమానం జిమ్‌లో లేదు, మర్నాడు పొద్దున ఇంటి మెట్ల దగ్గర ఉంది. పది మెట్లు దిగి నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేసి పుస్తకంలో రాయండి. వ్యాయామం చేసేటప్పుడు మూడు దాకా ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి వచ్చేస్తే చాలు. వచ్చేస్తే పట్టిక ప్రకారం ముందుకు. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే మానేయకండి, వచ్చేసారి బరువు పదిశాతం దించి అవే రెప్‌లు చేయండి. ఉదాహరణకు ఆరో వారం సోమవారం 67.5 చేశారు, మంగళవారం మెట్ల దగ్గర రెండు ఉండేది ఐదు అయింది. శుక్రవారం ఎలాగూ 60 చేయాల్సి ఉంది, 55కి దిగండి. వచ్చే సోమవారం 60. పొద్దున అంకె రెండుకు వచ్చాకే మళ్లీ 67.5. పట్టికలో ఒక వారం వెనకబడ్డారు, అంతే. మూడు వారాలు వరసగా ఇదే జరిగితే బరువు ఒక్కటే కారణం కాదు. నిద్ర, రోజంతా క్లాసులో నిలబడడం, ఇంటి మెట్లు, ఆదివారం చేసిన ఏ షటిల్ ఆటో వెతకాలి.

నిద్ర అన్నాను కాబట్టి, ఐదున్నరకు జిమ్ అంటే నాలుగున్నరకు లేస్తున్నారు. రాత్రి పదకొండుకు పడుకుంటే ఐదున్నర గంటలే. పాతికేళ్లప్పుడు దాన్ని ఒళ్లు భరించింది. ఇప్పుడు ఆ లోటు బార్ మీద కనబడుతుంది. పదింటికి పడుకోలేకపోతే సాయంత్రం జిమ్‌కు మార్చుకోండి. ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్ను డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో నడుము వంచి బరువు ఎత్తడం దానికి అస్సలు పడదు. పొద్దునే వెళ్లక తప్పకపోతే, వంగి బార్‌ను పైకి లాగే డెడ్‌లిఫ్ట్‌ను చివరికి పెట్టుకోండి, ముందు ఏడెనిమిది నిమిషాలు సైకిలు తొక్కండి, ఖాళీ బార్‌తో రెండు సెట్లు, సగం బరువుతో ఒకటి, ముప్పావు బరువుతో ఒకటి చేశాకే అసలు సెట్లలోకి వెళ్లండి. వేడెక్కడానికి పదిహేను నిమిషాలు పోతున్నాయని బాధపడకండి, మన వయసులో అదీ వ్యాయామంలో భాగమే. డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారి, శుక్రవారం స్క్వాట్ అయ్యాక, మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి తుంటి దగ్గర వంగే రొమేనియన్ రకం, 60 కిలోలతో ఎనిమిదేసి మూడు సెట్లు. నేల మీద నుంచి పూర్తి బరువు లాగడం పన్నెండు వారాల తరవాత చూద్దాం.

భుజానికి ముందు ఒక పరీక్ష. మోచేయి పక్కటెముకలకు ఆనించి తొంభై డిగ్రీలు వంచండి, ఇంట్లోవాళ్లను మీ చేతిని బయటివైపు తిప్పమనండి. ఎడమ చేయి తిరిగినంత కుడి చేయి తిరక్కుండా మధ్యలోనే గోడకు తగిలినట్టు ఆగిపోతే, అది బిగుసుకుపోయే భుజం కావచ్చు. ఈ వయసులో వస్తుంది, షుగరు ఉన్నవాళ్లకు మరీ. దానికి బెంచ్ మార్చడం మందు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి, షుగరు పరీక్ష కూడా చేయించండి. బాగానే తిరుగుతుంటే మాత్రం ఎనిమిది వారాలు బార్ వదిలి డంబెల్స్‌తో నేల మీద పడుకుని ప్రెస్ చేయండి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంచి. మోచేతులు నేలకు తగిలి ఆగిపోతాయి కాబట్టి భుజం ముందువైపు మరీ సాగదు. నెట్టే ప్రతి సెట్‌కు రెండు లాగే సెట్లు, అంటే రోయింగ్, లాట్ పుల్‌డౌన్. బుధవారం మొత్తం ఈ పై శరీరానికే.

బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టి మొత్తం సెట్ లాగకండి. దిగే ముందు పీల్చి, లేస్తూ వదలండి. వ్యాయామానికి ముందు కొలిస్తే 160/100 దాటి ఉన్న రోజున బరువులు వద్దు, ఫోన్ చేయాల్సింది డాక్టరుకే.

తిండి గురించి ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. వయసు పెరిగేకొద్దీ కండ ప్రొటీన్‌కు మందంగా స్పందిస్తుంది. కుర్రవాడికి ఒక పూట శరీర బరువు కిలోకు పావు గ్రాము చాలితే, మనకు 0.4 గ్రాములు కావాలి. మీ 78 కిలోలకు పూటకు ముప్పై గ్రాముల పైచిలుకు. మూడు ఇడ్లీలు, సాంబారు కలిపితే పది దగ్గరే ఆగిపోతుంది. దానికి మూడు గుడ్లు, ఒక గ్లాసు పాలు చేరిస్తే సరిపోతుంది. రాత్రి ఒక్కపూట చికెన్ గుమ్మరించి పగలంతా అన్నం, చారుతో గడిపేయడం మన ఇళ్లలో మామూలు. ఆ ప్రొటీన్‌నే మూడు పూటలకు పంచండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఈ అంకెలు మీవి కావు. జిమ్‌లో బలానికని వాడే క్రియాటిన్ పొడి మొదలుపెడితే రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు చాలు, కానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా రావచ్చు. డాక్టరుకు ముందే చెప్పకపోతే కిడ్నీలు దెబ్బతిన్నాయని ఇల్లంతా కంగారు పడుతుంది.

జిమ్‌లో ఎవరూ చెప్పని విషయం ఇంకొకటి. జ్వరానికో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ మాత్రలు మన దగ్గర తేలిగ్గా రాసేస్తారు. ఇవి టెండన్లను దెబ్బతీయగలవు, మడమ టెండన్ తెగిన సందర్భాలూ ఉన్నాయి. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆ ప్రభావం మందు ఆపిన వారాల తరవాత కూడా బయటపడవచ్చు. మీరు బరువులెత్తుతారని డాక్టరుకు చెప్పి వేరే మందు ఉందేమో అడగండి. తప్పనిసరిగా వాడాల్సి వస్తే ఆ నెలంతా బరువులు సగానికి దించండి.

పదమూడో వారం నుంచి మామూలు వేగానికి రావచ్చు. అప్పుడు సోమవారం ఒక్కటే బరువు రోజు: 75తో ఐదేసి మూడు సెట్లు. ఐదు సెట్లు ఇక మీకు అక్కర్లేదు. బుధవారం కాళ్లకు సెలవే, శుక్రవారం సోమవారం బరువులో డెబ్బై శాతం, పాత నిదానపు లెక్కతోనే. రెండు వారాలకు రెండున్నర కిలోలు పెంచండి, అదీ మూడు సెట్లలోనూ రెండు రెప్‌లు మిగిల్చుకోగలిగితేనే. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో 40 దాటితే మాస్టర్స్, 50 దాటినవాళ్లకు మళ్లీ వేరే తరగతి. ఆ పదేళ్ల తేడా పెంచే వేగంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

వంద కిలోల ముచ్చట. మీరు 90తో ఐదేసి లేపిన రోజునే ఒక్కసారికైతే వంద లేచేది. తొడల్లో ఆ బలం అప్పుడే ఉంది, మీరు వెతుకుతున్నది మోకాలి ఒప్పుదల. రెండు రెప్‌లు మిగిల్చుకుంటూ 85తో ఐదేసి శుభ్రంగా వచ్చిన వారం, మెట్ల అంకె నెల రోజులుగా రెండు దాటకుండా ఉంటే, 90, 95 ఒక్కోసారి చేసి, పక్కన ఇద్దరిని నిలబెట్టి, రాక్‌లో అడ్డుకమ్ములు సరైన ఎత్తులో పెట్టి వంద ప్రయత్నించండి. ఈ సెప్టెంబరులో మొదలుపెడితే పట్టిక ఏ ఆటంకమూ లేకుండా నడిచినా 75 నుంచి 85కి ఫిబ్రవరి అవుతుంది. మోకాలు ఒకటి రెండుసార్లు మొరాయిస్తుందనుకుంటే ఇంటర్ పరీక్షలూ పేపర్లు దిద్దడమూ అయ్యాక, వేసవి సెలవుల్లో.